పినియన్ షాఫ్టు ఏ గడిలో పడుతుంది? విడిభాగాల గ్రేడును ధరతో కలిపి చూసే పద్ధతుల పోలిక

ఎర్రగుంట్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు స్టోరు బాధ్యత తీసుకున్న మొదటి ఏడాదే నా బల్ల మీదికి నాన్ మూవింగ్ జాబితా ఒకటి వచ్చింది. చాలా ఏళ్లుగా ఒక్కసారి కూడా ఇష్యూ కాని వస్తువులన్నింటినీ అందులో వరుసగా రాసి, వేలం వేయడానికి అభ్యంతరం ఉంటే తెలపమని అడిగారు. జాబితా మొదటి పేజీలోనే, వాడని గమ్ బూట్లకూ పాత మోడల్ రిలేలకూ మధ్య, కిల్ను మెయిన్ గేర్‌బాక్సు ఇన్‌పుట్ పినియన్ షాఫ్టు ఉంది. ఎనిమిదేళ్లుగా ఇష్యూ లేదు కాబట్టి లెక్క ప్రకారం అది అక్కడ ఉండటం సరైనదే. ఆ షాఫ్టు విరిగిన రోజున స్టోరులో మరొకటి లేకపోతే మాత్రం కిల్ను వారాల తరబడి ఆగుతుంది. ఇది జాబితా రాసిన వారి తప్పు కాదు. విడిభాగం గ్రేడును ఏ రకమైన ఖరీదుతో జత చేయాలనే ఎంపికలోనే తప్పు జరిగింది. ఆ ఎంపికను ఎలా చేసుకోవాలో, చేసుకున్నాక ఒక్కొక్క భాగాన్ని ఏ రూపంలో, ఎక్కడ ఉంచాలో ఇక్కడ వివరిస్తాను.

గ్రేడు దేన్ని కొలుస్తుంది

వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్ అనే మూడు తరగతులను స్టోర్లలో వి, ఇ, డి అంటారు. వి అంటే ఆ భాగం లేకపోతే ఉత్పత్తి ఆగిపోతుంది, లేదా మనుషుల ప్రాణానికి ముప్పు వస్తుంది. ఇ అంటే ఉత్పత్తి తగ్గుతుంది, లేదా కొంతకాలం తట్టుకోగలిగినా ఆ తర్వాత ఆగుతుంది. డి అంటే ఇబ్బంది కలుగుతుంది, పని మాత్రం సాగుతుంది. ఇవి చదవడానికి సులువే. నేను పనిచేసిన స్టోరులో మొదటిసారి గ్రేడులు వేయమని విభాగాలకు జాబితాలు పంపినప్పుడు, ప్రతి పది భాగాలలో ఏడింటికి వి అని రాసి తిరిగి పంపారు. ప్రతి ఇంజనీరుకూ తన యంత్రం కీలకమే అయినందువల్ల, కీలకమైన యంత్రంలోని ప్రతి భాగమూ కీలకమేనని రాసుకుంటూ పోయారు. అన్నీ వి అయితే గ్రేడు ఉన్నా లేనట్లే.

దానికి విరుగుడుగా నిర్వచనాన్ని చదివి వినిపించడం మానేసి, ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాం: ఈ భాగం కిందటిసారి పాడైనప్పుడు, ఆ షిఫ్టులో ఏం చేశారు? మెకానికల్, ఎలక్ట్రికల్, ప్రాసెస్ విభాగాల వారూ, ఆ యంత్రం మీద చేయి వేసే ఫిట్టరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నకు నిజమైన జవాబు వస్తుంది. కూలింగ్ నీటి పంపు మెకానికల్ సీలుకు వి వేసి ఉంటుంది. “స్టాండ్‌బై పంపు వేసుకుని వారం రోజులు నడిపాం సార్” అని ఫిట్టరు చెప్పగానే అది ఇ అవుతుంది. సిమెంటు మిల్లు భాగాల విషయంలో సైలోలో ఎన్ని రోజుల సిమెంటు నిల్వ ఉందో చూడాలి. సైలోలో నాలుగు రోజుల సరుకు ఉండి, భాగం హైదరాబాదు నుంచి రెండు రోజుల్లో వచ్చి, బిగించడానికి ఒక రోజు పడితే, మిల్లు ఆగినా లారీలకు లోడింగు ఆగదు, కాబట్టి అది ఇ. అదే మిల్లులో రెండు నెలలకు గాని రాని భాగమైతే, నాలుగు రోజుల సైలో నిల్వ దానికి అడ్డుపడలేదు, అది వి.

ఇక్కడ ఒక జవాబును మాత్రం అంగీకరించకూడదు. గేర్‌బాక్సుకు నూనె అందించే లైనులో ప్రెషర్ స్విచ్చు ఒకటి ఉంటుంది. నూనె ఒత్తిడి పడిపోతే మెయిన్ మోటారును ట్రిప్ చేయడం దాని పని. అది పాడైతే ఏం చేశారని అడిగితే, “బైపాస్ చేసి నడిపాం” అన్న జవాబు నాకు ఒకటికి రెండుసార్లు వచ్చింది. కిల్ను నడిచిన మాట నిజమే. ఆ సమయంలో నూనె పంపు ఆగి ఉంటే మాత్రం గేర్‌బాక్సు పళ్లు ఎండిపోయి అరిగిపోయేవి, కంట్రోల్ రూములో ఎవరికీ తెలిసేది కాదు. రక్షణ కోసం పెట్టిన స్విచ్చును దాటవేసి నడపడం ప్రత్యామ్నాయం కాదు, అందువల్ల దాని ధర మూడున్నర వేలే అయినా దాని గ్రేడు వి.

ఒకే బేరింగు నంబరు అయిదు చోట్ల వాడుకలో ఉంటే, వాటిలో అన్నిటికంటే తీవ్రమైన చోటు గ్రేడే ఆ వస్తువు గ్రేడు అవుతుంది. ఈ సంగతి రాతలో లేకపోతే, స్టాండ్‌బై పంపుకు వాడుకున్న చివరి బేరింగే మర్నాడు మెయిన్ ఫ్యానుకు కావలసి వస్తుంది.

ఏ ఖరీదు: సాలుసరి వాడకం విలువా, ఒక్కదాని ధరా

వి-ఇ-డి గ్రేడును ఖరీదుతో కలపడానికి మన ఫ్యాక్టరీల్లో రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది ఏ-బీ-సీ వర్గీకరణ. ఒక వస్తువు ఏడాదికి ఎన్ని ఖర్చవుతుందో దాన్ని ధరతో గుణించి, వచ్చిన విలువ ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి వరుస పెట్టి, పైనున్న కొద్ది వస్తువులను ఏ అనీ, మధ్యవాటిని బీ అనీ, మిగిలిన వేలాది వస్తువులను సీ అనీ అంటారు. 1951లో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డికీ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. నిరంతరం ఖర్చయ్యే సరుకు మీద అజమాయిషీకి ఇది చక్కగా సరిపోతుంది. రెండవ దారిలో వాడకాన్ని పక్కన పెట్టి, ఒక్క వస్తువు ధరను మాత్రమే చూసి ఖరీదైనవి, మధ్యరకం, చవకైనవి అని విడదీస్తారు. మా స్టోరులో లక్ష రూపాయలు దాటినవి ఖరీదైనవి, పది వేల లోపువి చవకైనవి అనుకున్నాం. ఈ హద్దులను ప్రతి ఫ్యాక్టరీ తన స్టోరు విలువను బట్టి వేసుకోవాలి.

గ్రీజు, ఫిల్టరు బ్యాగులు, కిల్ను లోపలి ఇటుకలు, గ్రైండింగ్ బాల్స్ వంటి వాటికి ఏ-బీ-సీ పద్ధతే ఎంచుకోండి. వాటి డబ్బు వాడకంలోనే పోతుంది, కాబట్టి అదుపు చేయవలసింది కూడా వాడకాన్నే. యంత్ర విడిభాగాల దగ్గర మాత్రం ఆ పద్ధతి తలకిందులవుతుంది. తొమ్మిది లక్షల పినియన్ షాఫ్టు ఏడాదికి సున్నా ఖర్చవుతుంది, సున్నాను తొమ్మిది లక్షలతో గుణించినా సున్నాయే. అది సీ తరగతిలోకి జారి, గాస్కెట్లకూ నట్టు బోల్టులకూ పక్కన నిలుస్తుంది. సీ వస్తువులకు నియమం ఏమిటంటే, పెద్దగా పట్టించుకోకుండా ఏడాదికి ఒకసారి ఒకే లాటుగా కొని పడేయడం. ఆ నియమాన్ని షాఫ్టుకు వర్తింపజేస్తే రెండే ఫలితాలు వస్తాయి: ఎవరూ చూడక తుప్పు పట్టడం, లేదా నాన్ మూవింగ్ జాబితాలో అమ్ముడుపోవడం.

అందువల్ల విడిభాగాలకు నా సిఫారసు స్పష్టం: వి-ఇ-డిని ఒక్కదాని ధరతో కలపండి, సాలుసరి విలువతో కాదు. భాగం కావాలా వద్దా, ఎంత నమ్మకంగా ఉండాలి అన్నది గ్రేడు చెబుతుంది. దాన్ని ఎన్ని ఉంచాలి, ఎక్కడ ఉంచాలి, మొత్తంగా ఉంచాలా ముక్కగా ఉంచాలా అన్నది ధర చెబుతుంది. ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా అడిగితే, మూడు గ్రేడులకూ మూడు ధర తరగతులకూ కలిపి తొమ్మిది గడులు వస్తాయి. నిజంగా ఆలోచన పెట్టవలసినవి వాటిలో రెండు మూడే.

చవకైన వి: ధారాళంగా ఉంచండి

పైన చెప్పిన ప్రెషర్ స్విచ్చునే తీసుకుందాం. ఫ్యాక్టరీ మొత్తం మీద ఏడాదికి ఆరు ఖర్చవుతాయి, ఆర్డరు పెట్టిన రెండు నెలలకు వస్తాయి, అంటే ఆ రెండు నెలల్లో సగటున ఒకటి కావాలి. సగటు ఒకటే కదా అని, రెండు మిగిలినప్పుడు ఇండెంటు వేస్తే సరిపోతుందనిపిస్తుంది. అడపాదడపా వచ్చే ఇలాంటి గిరాకీకి వాడే పాయిసాన్ లెక్క ప్రకారం, రెండు నెలల్లో రెండుకు మించి కావలసి వచ్చే అవకాశం సుమారు 8 శాతం ఉంది. అదే నాలుగు మిగిలినప్పుడే ఇండెంటు వేస్తే, కొరత అవకాశం అర శాతం లోపుకు పడిపోతుంది. ఆ అదనపు రెండు స్విచ్చుల ధర ఏడు వేలు, వాటిని ఉంచుకునే ఖర్చు ఏడాదికి ధరలో 18 శాతం చొప్పున 1,260 రూపాయలు. కిల్నుకు ఒక రోజు ఆగుడు నష్టం 20 లక్షలనుకుంటే ఈ లెక్కకు చర్చ అవసరం లేదు.

ఈ గడిలో జాగ్రత్త పడవలసింది ఎక్కువ కొనడం గురించి కాదు, వయసు గురించి. కప్లింగు రబ్బరు బుష్‌లు, ఆయిల్ సీళ్లు, ఓ-రింగులు రేకుల షెడ్డులో రెండు కడప వేసవులు గడిపితే గట్టిపడతాయి. బుష్‌ను బొటనవేలితో నొక్కితే లోపలికి పోకుండా రాయిలా తగిలినా, వంచితే పైపొర మీద సన్నని పగుళ్లు కనిపించినా దాన్ని లెక్కలోంచి తీసేయాలి. రబ్బరు వస్తువులను చల్లని గదికి మార్చి, పాతవి ముందు ఇష్యూ అయ్యేలా తేదీ రాసి పెట్టండి.

ఖరీదైన వి: ఇక్కడే నిజమైన ఎంపిక

ఖరీదైన వి భాగానికి అయిదు దారులు ఉంటాయి: సొంత స్టోరులో ఉంచుకోవడం, సప్లయరు తన గోదాములో మన కోసం ఉంచేలా ఒప్పందం చేసుకోవడం, పక్క ఫ్యాక్టరీతో ఉమ్మడిగా కొనడం, మొత్తం యంత్రం బదులు దానిలోని బలహీనమైన ముక్కను మాత్రమే ఉంచడం, లేదా ఏదీ ఉంచకుండా ప్రమాదాన్ని భరించడం. ఏది మేలో తేల్చడానికి రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టాలి: భాగాన్ని ఉంచుకునే సాలుసరి ఖర్చు ఒకటి, అది లేకపోవడం వల్ల ఏడాదికి సగటున పడే నష్టం రెండవది.

రోజుకు మూడు వేల టన్నుల క్లింకరు తీసే కిల్ను అనుకుందాం, ఆగిన రోజుకు 20 లక్షల నష్టమనుకుందాం. మీ ఫ్యాక్టరీ అంకెలు వేరుగా ఉంటాయి, వాటితో మార్చి చూసుకోండి. పినియన్ షాఫ్టు ధర తొమ్మిది లక్షలు, కంపెనీ నుంచి రావడానికి అయిదు నెలలు. చేతిలో ఉంటే మార్చడానికి మూడు రోజులు చాలు. లేకపోతే అయిదు నెలలు ఎవరూ ఆగరు. పాత షాఫ్టు కొలతలు తీసుకుని బయటి మెషిన్ షాపులో పళ్లు కోయించి, కార్బరైజింగు చేయించి, గ్రైండింగు పట్టించి తెచ్చేసరికి ఎంత తొందరపెట్టినా 25 రోజులు పడుతుంది. తేడా 22 రోజులు, అంటే 4 కోట్ల 40 లక్షలు. షాఫ్టు 20 ఏళ్లకు ఒకసారి విరుగుతుందనుకుంటే సాలుసరి సగటు నష్టం 22 లక్షలు. ఉంచుకునే ఖర్చు 18 శాతం చొప్పున లక్షా 62 వేలు.

విరిగే అవకాశం ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియదని ఇక్కడ ఎవరైనా అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైన అభ్యంతరమే. అందుకే లెక్కను తిప్పి చేయాలి. రెండు ఖర్చులూ సమానం కావాలంటే షాఫ్టు ఎన్నేళ్లకు ఒకసారి విరగాలి? 4 కోట్ల 40 లక్షలను లక్షా 62 వేలతో భాగిస్తే సుమారు 270 ఏళ్లు వస్తుంది. ఈ షాఫ్టు 270 ఏళ్లలో ఒక్కసారి కూడా విరగదని నమ్మకంగా సంతకం పెట్టేవారు ఉంటే దాన్ని అమ్మేయవచ్చు. మా ఆడిట్ సమావేశంలో ఈ ఒక్క సంఖ్య చెప్పాక షాఫ్టును జాబితా నుంచి తీసేశారు.

ఉమ్మడి కొనుగోలు ఈ షాఫ్టుకు మేలు కాదు. పక్క ఫ్యాక్టరీతో సగం సగం పెట్టుకుంటే ఉంచుకునే ఖర్చులో 81 వేలు తగ్గుతుంది, అక్కడినుంచి అనుమతి తెచ్చుకుని, క్రేను దొరికించుకుని, రవాణా చేసుకునేసరికి రెండు రోజులు పోతాయి. రెండు రోజులంటే 40 లక్షలు, 20 ఏళ్లకు ఒకసారి చొప్పున సాలుకు రెండు లక్షలు. ఆదా కంటే నష్టమే ఎక్కువ కాబట్టి షాఫ్టు సొంత స్టోరులోనే ఉండాలి.

అదే లెక్క మొత్తం గేర్‌బాక్సు దగ్గర వేరే జవాబు ఇస్తుంది. కొత్త గేర్‌బాక్సు 90 లక్షలనుకుంటే ఉంచుకునే ఖర్చు సాలుకు 16 లక్షల 20 వేలు. పినియన్ షాఫ్టూ, బేరింగులూ చేతిలో ఉన్నాక మిగిలే ప్రమాదం పెద్ద గేరో, కేసింగో పగలడం. అది 40 ఏళ్లకు ఒకసారి జరిగి 60 రోజులు కిల్ను ఆగితే 12 కోట్ల నష్టం, సాలుకు 30 లక్షలు. కాబట్టి ఏమీ లేకుండా ఉండటం కంటే సొంతంగా ఉంచుకోవడం మేలే. ఒకే రకం గేర్‌బాక్సు వాడే మరో ఫ్యాక్టరీతో ఉమ్మడిగా కొంటే ఉంచుకునే ఖర్చు 8 లక్షల 10 వేలకు తగ్గి, రెండు రోజుల ఆలస్యపు నష్టం సాలుకు ఒక లక్ష మాత్రమే కలుస్తుంది, మొత్తం 9 లక్షల 10 వేలు. ఏడాదికి 7 లక్షల పైచిలుకు ఆదా. ముక్కను సొంతానికి, మొత్తాన్ని ఉమ్మడికి ఉంచడం ఈ సందర్భంలో సరైన జోడీ.

ఎర్రగుంట్ల, చిలమకూరు, తాడిపత్రి ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఇక్కడ ఉమ్మడి ఏర్పాటుకు అవకాశం ఎక్కువే. నోటిమాటతో మాత్రం చేయకండి. గేర్ నిష్పత్తి, షాఫ్టు సెంటరు ఎత్తు, ఇన్‌పుట్ ఎటు వైపు ఉంది, పునాది బోల్టుల దూరం అన్నీ డ్రాయింగు పక్కన డ్రాయింగు పెట్టి సరిచూడాలి. వాడుకున్న వారు ఎన్ని నెలల్లో కొత్తది తెచ్చి పెట్టాలో కాగితం మీద ఉండాలి. రెండు ఫ్యాక్టరీల గేర్‌బాక్సులూ ఒకే ఏడాది బిగించినవైతే రెండూ ఒకే కాలంలో ముదురుతాయి. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి కావలసివచ్చే ప్రమాదం పైన వేసిన లెక్కలో లేదని గుర్తుంచుకోవాలి.

మిగిలిన గడులు

ఖరీదైన ఇ భాగాలకు సప్లయరు గోదాము ఒప్పందమో, పాతదాన్ని రిపేరు చేయించి తిప్పుకోవడమో సరిపోతుంది. మోటార్లకు ఇది బాగా కుదురుతుంది: ఒక రీవైండింగు చేసిన మోటారును ఉంచి, పాడైనదాన్ని రీవైండింగుకు పంపుతూ ఉంటే కొత్తది కొనవలసిన పని ఉండదు. మధ్యరకం, చవకైన ఇ భాగాలకు మామూలు రీ-ఆర్డరు హద్దు చాలు. డి భాగం ఖరీదైనదైతే కొనకండి. వర్క్‌షాపు క్రేను హాయిస్టు మోటారు లక్షా 20 వేలు, అది కాలిపోతే చెయిన్ పుల్లీ బ్లాకుతో పని సాగుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద షట్‌డౌన్‌లో ఆ క్రేను లేకపోతే పనులన్నీ వెనకబడతాయి, కాబట్టి ఆ నెల ముందు మాత్రం అద్దె హాయిస్టును మాట్లాడి పెట్టుకోవాలి.

ఉంచుకున్నది పనికివస్తుందో లేదో

ఖరీదైన వి భాగాల విషయంలో లెక్క సరిగ్గా వేసి కూడా ఓడిపోయే చోటు ఇదే. నాన్ మూవింగ్ జాబితాలోంచి బయటపడ్డ షాఫ్టు పెట్టెను మే నెలలో తెరిపించాం. పైకి తుప్పు నిరోధక కాగితం నిండుగానే ఉంది, కిందివైపు మాత్రం కర్ర దిమ్మె తగిలే చోట చిరిగి, బేరింగు కూర్చునే భాగం చుట్టూ చేతి వేలంత వెడల్పున ఎర్రని గీత పడి ఉంది. గోరుతో గీస్తే తుప్పు లేచింది, దాని కింద చిన్న గుంతలు తగిలాయి. అదృష్టం కొద్దీ లోతుగా లేవు, గ్రైండింగు పట్టించి కొలత హద్దులోకి తెచ్చాం. మరో రెండు వర్షాకాలాలు గడిస్తే ఆ తొమ్మిది లక్షలు తుక్కు ధరకు పోయేవి.

అప్పటి నుంచి ఈ గడిలోని ప్రతి భాగానికీ ఏడాదికి ఒక తనిఖీ రాసుకున్నాం. పొడవైన షాఫ్టులను రెండు దిమ్మెల మీద పడుకోబెట్టకుండా నిలువుగా వేలాడదీయడం, అది కుదరకపోతే ఎక్కువ ఆధారాల మీద ఉంచి కొన్ని నెలలకు ఒకసారి తిప్పడం. మోటార్ల షాఫ్టును నెలకోసారి చేత్తో తిప్పి, మెగ్గరుతో ఇన్సులేషన్ కొలిచి ఆ అంకెను రాయడం. బేరింగులను కంపెనీ ప్యాకింగు విప్పకుండా, పడుకోబెట్టి ఉంచడం.

కొలతల తనిఖీ తుప్పు తనిఖీ కంటే ముఖ్యమని నా అభిప్రాయం. గేర్‌బాక్సును ఎప్పుడో ఓవర్‌హాలింగుకు పంపినప్పుడు పళ్ల నిష్పత్తి మార్చి ఉంటారు, స్టోరులో ఉన్న షాఫ్టు పాత నిష్పత్తిదే అయి ఉంటుంది. బిన్ కార్డు మీద నంబరు సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే ప్రతి ఓవర్‌హాలింగు తర్వాతా డ్రాయింగు రివిజన్ నంబరును భాగం మీద ఉన్న నంబరుతో పోల్చి, పళ్ల సంఖ్యను చేత్తో లెక్కబెట్టి, బేరింగు కూర్చునే చోటును మైక్రోమీటరుతో కొలిచి, ఆ మూడింటినీ తేదీతో కార్డు మీద రాయండి. అదే కార్డు మీద, గ్రేడు పక్కన, “ఇన్సూరెన్స్ స్పేర్, నాన్ మూవింగ్ జాబితాలో చేర్చరాదు” అని కూడా రాయించండి. స్థిరాస్తులకు సంబంధించిన భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 16 ప్రకారం ఒక ఏడాదికి మించి వాడకం కోసం ఉంచుకునే, స్థిరాస్తి నిర్వచనానికి సరిపోయే విడిభాగాలను స్టాకుగా కాక ఆస్తిగానే చూపవలసి ఉంటుంది. అకౌంట్సు విభాగంతో కూర్చుని ఈ షాఫ్టును అలా నమోదు చేయించుకుంటే, కదలని స్టాకు లెక్కలోంచి అది తప్పుకుంటుంది, తర్వాతి ఏడాది వచ్చే జాబితాలో దాని పేరు ఉండదు.